క్షేత్ర పర్యటన బడ్జెట్: వసతికి రోజులు లెక్కించాలా, రాత్రులా?

సందేహం: దాత సంస్థతో కుదిరిన ఒప్పందంలోని బడ్జెట్‌లో "వసతి, దినభత్యం: 3 సిబ్బంది × 4 రోజులు × 6 పర్యటనలు" అని ఉంది. ఆ ప్రకారమే మా సిబ్బందికి స్థిర రేటుతో చెల్లించాం. మొదటి రోజు ఉదయం బయలుదేరి నాలుగో రోజు సాయంత్రం తిరిగివచ్చారు. ఇప్పుడు ఆడిటర్ కొంత మొత్తం వెనక్కి ఇమ్మంటున్నారు. దాన్ని సిబ్బంది జీతం నుంచి మినహాయించవచ్చా?

సమాధానం: బడ్జెట్‌లోని అంకె సాధారణంగా ఖర్చుకు గరిష్ఠ పరిమితి మాత్రమే, అంత మొత్తం ఖర్చు చేసే హక్కు దానివల్ల రాదు. ఎంత చెల్లుతుందో చెప్పేది ఒప్పందంలోని ప్రయాణ నియమం కనుక ముందుగా దాన్ని చదవండి.

వసతికి కొలమానం బయట గడిపిన రాత్రి. మీ సిబ్బంది ఒక్కో పర్యటనలో 3 రాత్రులే బయట ఉన్నారు కాబట్టి 3 × 3 × 6 = 54 రాత్రులు చెల్లుతాయి. మీరు 72కు చెల్లించారు కనుక 18 రాత్రుల వసతిపై ఆడిటర్ అభ్యంతరం నిలిచే అవకాశమే ఎక్కువ. రాత్రి బస్సులోనో రైల్లోనో గడిస్తే, నియమం వేరుగా చెప్పనంతవరకు, ఆ రాత్రికి వసతి అడగడం కష్టం.

దినభత్యం సంగతి వేరు. అది భోజనం, చిల్లర ఖర్చుల కోసం ఇచ్చేది కాబట్టి బయలుదేరిన రోజుకూ, తిరిగివచ్చిన రోజుకూ కూడా వర్తిస్తుంది. ఆ రెండు రోజులకు నాలుగింట మూడు వంతులే ఇవ్వాలని మీ ఒప్పందంలో ఉంటే, ఒక్కొక్కరికి 2 + 0.75 + 0.75 = 3.5 రోజులు, మొత్తం 3.5 × 3 × 6 = 63 రోజులు అవుతాయి. అలాంటి షరతు లేకపోతే మీరు చెల్లించిన 72 రోజుల దినభత్యాన్ని గట్టిగా సమర్థించుకోండి.

వసతికి స్థిర రేటు కాకుండా వాస్తవ ఖర్చే ఇవ్వాలని నియమం ఉంటే మాత్రం 54 కూడా నిలవకపోవచ్చు. ముగ్గురూ రెండు గదుల్లో సర్దుకుని ఉంటే 2 × 3 × 6 = 36 గది అద్దెలకే రసీదులు ఉంటాయి; రసీదు లేని మిగతా మొత్తం ఖర్చు కిందికి రాదు.

"4 రోజులు" అన్న మాట అస్పష్టంగా ఉందని మీరు వాదించవచ్చు. అస్పష్టమైన షరతును దాన్ని రాసిన పక్షానికి వ్యతిరేకంగా అన్వయించే సూత్రం చాలా న్యాయవ్యవస్థల్లో ఉంది. అయితే ఆ పట్టికను మీ సంస్థే తయారుచేసి పంపి ఉంటే, ఈ సూత్రం మీకే ఎదురు తిరుగుతుంది. ఈ విషయం తేల్చుకోకుండా జవాబు పంపకండి.

ఇక జీతంలో మినహాయింపు విషయానికొస్తే, దాత సంస్థకు బాధ్యత వహించేది ఒప్పందంపై సంతకం చేసిన మీ సంస్థే. సిబ్బంది ఆ ఒప్పందంలో పక్షం కారు. మీ ఆదేశం ప్రకారం నిజాయతీగా అందుకున్న సొమ్మును, వారి రాతపూర్వక సమ్మతి గానీ చట్టం ఇచ్చిన అధికారం గానీ లేకుండా జీతంలో కోయడాన్ని అనేక దేశాల వేతన చట్టాలు అనుమతించవు. ఒక ఉద్యోగి తప్పుడు తేదీలు రాసి ఎక్కువ తీసుకుని ఉంటే, అతని విషయాన్ని విడిగా, సంజాయిషీ తీసుకున్నాకే తేల్చాలి. మిగతా అందరి విషయంలో ఆ 18 రాత్రుల మొత్తాన్ని సంస్థ సొంత నిధుల నుంచి సర్దుబాటు చేయడమే సరైన మార్గం.