రేట్లు తగ్గుతాయంటున్నారు, మరి ఇండియా హోమ్ లోన్ ఫిక్స్‌డా ఫ్లోటింగా?

“అన్నా, నెల్లూరు మినీ బైపాస్ దగ్గర ఫ్లాట్ చూశాం. నలభై లక్షలు లోన్ కావాలి, ఇరవై ఏళ్లకు. ఒక బ్యాంకు ఫ్లోటింగ్ 7.75 అంటోంది. ఇంకో బ్యాంకు ఫిక్స్‌డ్ 8.75 ఇస్తానంటోంది. ఇక్కడ అందరూ ఫిక్స్‌డే తీసుకుంటారు కదా, అక్కడా అదే తీసుకుంటే టెన్షన్ ఉండదేమో?”

కావలి నుంచి డాలస్ వచ్చి ఇంకా ఏడాది కూడా నిండని కుర్రాడి ప్రశ్న ఇది. ఇలాంటిదే మన ఒంగోలు, నెల్లూరు పిల్లలు చాలామంది అడుగుతుంటారు. అమెరికాకు వచ్చిన కొత్తలో చెవిన పడే మొదటి సలహాల్లో “ముప్పై ఏళ్ల ఫిక్స్‌డ్ తీసుకో, రేట్లు తగ్గితే రీఫైనాన్స్ చేసుకో” అనేది ఒకటి. ఇక్కడికి అది మంచి సలహానే. అదే సలహాతో నెల్లూరు ట్రంకు రోడ్డులో బ్యాంకుకు వెళితే లెక్క తప్పుతుంది.

ఎందుకంటే ఇక్కడ మీకు లోన్ ఇచ్చిన సంస్థ చాలాసార్లు దాన్ని తన దగ్గర ఉంచుకోదు. ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ లాంటి సంస్థల ద్వారా అది పెట్టుబడిదారుల చేతికి పోతుంది. ముప్పై ఏళ్ల పాటు ఒకే వడ్డీ అన్న రిస్కు వాళ్లది. ఇండియాలో బ్యాంకు మీకిచ్చే డబ్బు ఎక్కువగా జనం వేసుకున్న డిపాజిట్ల నుంచి వస్తుంది. ఆ డిపాజిట్లు ఏడాదికో మూడేళ్లకో గడువు తీరేవి. వాటి మీద వడ్డీ మారుతూ ఉంటే మీ దగ్గర ఇరవై ఏళ్లు ఒకే రేటు తీసుకోవడం బ్యాంకుకు కష్టం. అందుకే అక్కడ ఫిక్స్‌డ్ అంటే ఒకటో ఒకటిన్నరో శాతం ఎక్కువ అడుగుతారు, లేదంటే మొదటి రెండు మూడేళ్లు మాత్రమే ఫిక్స్‌డ్ చేసి ఆ తర్వాత ఫ్లోటింగ్‌కు మారుస్తారు. ఈ కుర్రాడికి ఇచ్చింది ఈ రెండో రకమే. అగ్రిమెంట్ పంపమని చూస్తే మూడేళ్ల తర్వాత “అప్పటి రేటు ప్రకారం” అని ఉంది. వాళ్ల నాయనతో బ్యాంకు ఏజెంటు మాత్రం ఫిక్స్‌డ్ అని ఊరుకున్నాడు.

ఇప్పుడు లెక్క చూద్దాం. నలభై లక్షలకు ఇరవై ఏళ్లకు 7.75 దగ్గర ఈఎంఐ సుమారు 32,840. 8.75 దగ్గర 35,350. నెలకు 2,500 తేడా, మూడేళ్లకు తొంభై వేలు. ఈ తొంభై వేలు రేట్లు పెరగకుండా కట్టే ఇన్సూరెన్స్ ప్రీమియం అనుకోండి. అది ఎప్పుడు గిట్టుబాటు? రేపే ఆర్బీఐ రెపోను, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వేసే వడ్డీని, ఒక శాతం పెంచి, మూడేళ్లూ అలాగే ఉంచితే మీరు సరిసమానం, అంతే. ఏడాదిన్నర దాకా ఏమీ మారకుండా ఉండి ఆ తర్వాత పెరిగితే, మొదట పోయింది రాబట్టుకోవాలంటే రెండు శాతం పెరగాలి. రేట్లు తగ్గుతాయని అందరూ అనుకుంటున్న రోజుల్లో ఆ పందెం నేను కట్టను. ఇలాంటి రోజుల్లో ఫిక్స్‌డ్‌ను మరీ ఉత్సాహంగా అంటగడుతున్నారంటే నాకు అనుమానమే. తగ్గుతాయన్న సంగతి వాళ్లకు మనకన్నా ముందే తెలుసు.

కాబట్టి ఫ్లోటింగే. కానీ అసలు ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. ఆర్బీఐ తగ్గించిన రేటు మీ లోన్ దాకా వస్తుందా?

2025 ఫిబ్రవరిలో రెపో 6.50 నుంచి 6.25కు దిగింది. ఏప్రిల్‌లో 6.00, జూన్‌లో ఒకేసారి 5.50, డిసెంబరులో 5.25. పేపర్లో వార్త చూసి ఫోన్లు చేసినవాళ్లలో కొందరికి మూడు నెలల్లో వడ్డీ దిగింది, కొందరికి ఏడాదైనా పూర్తిగా దిగలేదు. తేడా అంతా ఆ లోన్ దేనికి ముడిపడి ఉందన్న దాంట్లోనే. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ హోమ్ లోన్లను రెపో లాంటి బయటి రేటుకు ముడిపెట్టాలి, కనీసం మూడు నెలలకొకసారి మీ వడ్డీని దాని ప్రకారం సరిచేయాలి, అంటే రీసెట్ చేయాలి. అంతకు ముందు తీసుకున్న పాత లోన్లు చాలావరకు ఎంసీఎల్ఆర్ మీద నడుస్తుంటాయి. అది బ్యాంకు తన ఖర్చులను బట్టి లెక్కవేసుకునే రేటు, మెల్లగా దిగుతుంది, రీసెట్ కూడా చాలావాటికి ఆర్నెల్లకో ఏడాదికో. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకైతే రెపోకు ముడిపెట్టాలన్న నిబంధనే లేదు. పీఎల్ఆర్ అనే వాళ్ల మూల రేటు వాళ్లు పెట్టుకున్నదే. ఒకే ఫ్లోటింగ్ అన్న మాట కింద ఈ మూడూ ఉన్నాయి.

శాంక్షన్ లెటర్లో వడ్డీ లైను ఒకటి ఉంటుంది. ఆ ఒక్క లైను ఫోటో తీసి పంపమని నేను అందరినీ అడుగుతాను. “రెపో 5.25 + స్ప్రెడ్ 2.50 = 7.75” అన్నట్టుంటే మంచిది. స్ప్రెడ్ అంటే రెపో మీద బ్యాంకు తన వంతుగా కలుపుకునేది. రెపో అన్న మాట కనిపించకుండా “ప్రస్తుత రేటు 7.75, మారవచ్చు” అని మాత్రమే ఉంటే అది దేనికి ముడిపడిందో రాతపూర్వకంగా అడగండి. రీసెట్ తేదీ కూడా ఆ కాగితంలోనే ఉండాలి. రెపో తగ్గిన మర్నాడే మీ వడ్డీ తగ్గదు. మీ రీసెట్ వచ్చేదాకా ఆగాలి, అది మూడు నెలల దాకా పట్టవచ్చు. ఆ లోపల బ్యాంకు మోసం చేసిందని కంగారు పడవద్దు.

రెపో అందరికీ ఒకటే కాబట్టి బేరమాడాల్సింది ఆ స్ప్రెడ్ దగ్గర. లోన్ తీసుకున్నాక ఇష్టమొచ్చినట్టు దాన్ని పెంచడానికి బ్యాంకుకు వీల్లేదు. మీ క్రెడిట్ పరిస్థితి బాగా మారితేనే అందులో రిస్కుకు సంబంధించిన భాగం మారుతుంది, మిగతా భాగాలు మూడేళ్లకోసారి మార్చుకోవచ్చు. 2025 అక్టోబరు నుంచి ఆ మిగతా భాగాలను మూడేళ్లు ఆగకుండానే తగ్గించే వీలు ఆర్బీఐ బ్యాంకులకు ఇచ్చింది. వీలు ఇచ్చిందే గాని తప్పనిసరి చేయలేదు. కొత్త కస్టమర్లకు తక్కువ స్ప్రెడ్, మూడేళ్ల కిందట వచ్చిన మీకు ఎక్కువ స్ప్రెడ్ అన్నది మామూలే. అడగనిదే వాళ్లు తగ్గించరు. అడిగితే కొన్నిచోట్ల కన్వర్షన్ ఫీజు కట్టమంటారు, అయినా అరశాతం తగ్గితే ఆ ఫీజు సాధారణంగా కొద్ది నెలల్లోనే తిరిగొస్తుంది.

రీసెట్ అయ్యి వడ్డీ తగ్గాక ఇంకో నిర్ణయం ఉంది. ఈఎంఐ తగ్గించుకోవాలా, ఈఎంఐ అలాగే ఉంచి నెలలు తగ్గించుకోవాలా? మన కుర్రాడి లోన్ 7.25కు దిగిందనుకుందాం, లెక్క తేలిక కోసం మొదటి నెల నుంచే దిగిందనుకుందాం. ఈఎంఐ తగ్గిస్తే నెలకు 31,615, ఇరవై ఏళ్లూ కట్టాలి. పాత 32,840నే కడితే 240 నెలల బదులు 221 నెలలకే అయిపోతుంది. మొత్తం మీద మూడు లక్షల ముప్పై వేల దాకా మిగులుతుంది. డాలర్ జీతంలో నెలకు 1,225 రూపాయలంటే ఒక పూట భోజనం. నేనైతే నెలలే తగ్గిస్తాను. ఏది జరిగినా బ్యాంకు ఏం చేసిందో స్టేట్‌మెంట్‌లో చూసుకోవాలి.

ఇదంతా ఫ్లోటింగ్‌కు పొగడ్త కాదు. తగ్గుతుందనుకున్నది తిరగబడితే ఎలా ఉంటుందో 2022లో చూశాం. రెపో 2020 మే నుంచి రెండేళ్లు 4 దగ్గర ఉండి, 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల 6.50కు ఎక్కింది. అప్పట్లో 6.75కు నలభై లక్షలు తీసుకున్నవాడి ఈఎంఐ 30,415. ఏడాది కట్టాక బాకీ 39 లక్షలు. వడ్డీ 9.25కు చేరాక ఒక నెల వడ్డీయే ముప్పై వేలు దాటింది. అంటే కట్టేదాంట్లో అసలుకు పోయేది మూడు, నాలుగు వందలు. చాలా బ్యాంకులు ఈఎంఐ ముట్టుకోకుండా నెలలు పెంచేశాయి, అందుకే చాలామందికి వెంటనే తెలియలేదు. ఆ తర్వాతే 2023 ఆగస్టులో ఆర్బీఐ గట్టిగా చెప్పింది: రీసెట్ అప్పుడు ఈఎంఐ పెంచాలా, కాలం పెంచాలా అన్నది కస్టమర్‌ను అడగాలి, కట్టే ఈఎంఐ వడ్డీకి కూడా చాలని పరిస్థితి రానివ్వకూడదు.

ఆ దెబ్బకు ఎన్నారైల దగ్గర మందుంది. ఫ్లోటింగ్ హోమ్ లోన్‌లో వ్యక్తులు ముందుగా కడితే పెనాల్టీ వేయకూడదని నిబంధన. బోనస్ వచ్చినప్పుడు రెండు లక్షలు పంపి అసలులో జమ చేయించవచ్చు. ఫిక్స్‌డ్‌లో ఆ హామీ లేదు, బ్యాంకులు రెండు శాతం దాకా అడగడం ఉంది. ఇరవై ఏళ్ల లోన్‌ను ఏడెనిమిదేళ్లలో తీర్చేసేవాళ్లే మనలో ఎక్కువ. అలాంటివాళ్లు ఫిక్స్‌డ్ కోసం ఎక్కువ వడ్డీ కట్టి, తీర్చేటప్పుడు మళ్లీ ఫీజు కట్టడం దండగ. ఒక్క సందర్భంలో మాత్రం ఫిక్స్‌డ్ వద్దనను. వీసా అనిశ్చితంగా ఉండి, ఇండియాకు తిరిగొస్తే రూపాయల జీతంలో ఈఎంఐ రెండు వేలు పెరిగినా తట్టుకోలేని ఇల్లు అయితే, తేడా అరశాతం లోపుంటే తీసుకోండి. అది కూడా మొత్తం కాలానికి ఫిక్స్‌డ్ అని రాసి ఇస్తేనే.

ఇక బయట ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు. రేటు మారినట్టు బ్యాంకు పంపే ఎస్ఎంఎస్ ఇండియా నంబరుకు వెళుతుంది. వచ్చిన ఆర్నెల్లకు రీచార్జ్ చేయక ఆ నంబరు పోతుంది. శాంక్షన్ అప్పుడే అమెరికా నంబరు, ఈమెయిల్ రెండూ లోన్ ఖాతాకు ఎక్కించండి. ఈఎంఐ మీ ఎన్ఆర్ఈ లేదా ఎన్ఆర్ఓ ఖాతా నుంచే పోయేలా చూసుకోండి, నాయన సేవింగ్స్ ఖాతా నుంచి కట్టించే ఏర్పాటు వద్దు. మీ తరఫున పనులు చూడమని ఇంట్లోవాళ్లకు రాసిచ్చే జీపీఏలో ఫ్లాట్ కొనే అధికారం, లోన్ కాగితాల మీద సంతకం పెట్టే అధికారంతో ఆపేస్తుంటారు. అందులో “వడ్డీ రేటు మార్పు, స్ప్రెడ్ తగ్గింపు, పాక్షిక చెల్లింపు, లోన్ వేరే బ్యాంకుకు బదిలీ” అని కూడా రాయించండి. లేకపోతే మూడేళ్ల తర్వాత స్ప్రెడ్ తగ్గించమనే ఒక అర్జీ మీద సంతకానికి మీరే రావాలంటారు, లేదా కొత్త జీపీఏకి మళ్లీ నోటరీ, కాన్సులేట్ చుట్టూ తిరగాలి. ఆ కుర్రాడు తన డ్రాఫ్ట్‌లో ఈ నాలుగు మాటలూ చేర్చి, ఫ్లోటింగ్‌కు అప్లై చేశాడు. స్ప్రెడ్ 2.50 నుంచి 2.35కు దించమని బ్యాంకును అడిగాడు, జవాబు కోసం చూస్తున్నాం.