బిటి పత్తిలో గులాబీ పురుగు, పక్కన పడేసిన చిన్న ప్యాకెట్

"బిటి-2 విత్తనం వేస్తే కాయతొలుచు పురుగు రాదన్నారు కదా, మా చేలో మళ్లీ ఎందుకొచ్చింది? నకిలీ విత్తనమా?"

బిటి అంటే పురుగును చంపే ప్రోటీన్ తయారుచేసే బ్యాక్టీరియా జన్యువు పెట్టిన పత్తి. విత్తనం నకిలీ కావచ్చు కానీ నా అనుమానం గులాబీ రంగు పురుగు మీదే. మా చిన్నాయన చేను వరంగల్ దగ్గర ఉంది. ఒక నవంబర్‌లో పోయి చూస్తే చేను పచ్చగా ఉంది, కాయ మీద మచ్చ కూడా లేదు. నాకు నమ్మకం కుదరక కాయలు కోసి చూశాను. చాలావాటిలో గింజల మధ్య గులాబీ పురుగు, కొన్నిచోట్ల రెండు గింజలు కలిపి అల్లుకున్న గూడు. పురుగు పిల్లప్పుడే లోపలికి దూరుతుంది, ఆ రంధ్రం పూడిపోతుంది, అందుకే బయటికి తెలియదు. చిన్నాయన దుకాణం వాణ్ని తిడుతున్నాడు. నేను మాత్రం "సంచిలో వచ్చిన నాన్ బిటి చిన్న ప్యాకెట్ ఏం చేశావు?" అని అడిగాను. మోటారు షెడ్డులో అలాగే ఉంది, విప్పనే లేదు!

ఆ 120 గ్రాముల ప్యాకెట్‌దే అసలు కథ. బిటి మొక్క తిన్న పురుగు పేగులో ఆ ప్రోటీన్ కరిగి, పేగు గోడకు అతుక్కుని చిల్లులు పెడుతుంది. పురుగు మేత మానేసి చస్తుంది. ఎక్కడో ఒకటి తట్టుకుని బతుకుతుంది. ఆ ప్యాకెట్ గింజలు వేసి చేను చుట్టూ మామూలు పత్తి ఉంటే అక్కడి మామూలు రెక్కల పురుగుతో అది జతకడుతుంది, పిల్లల్లో ఎక్కువ శాతం బిటికి చస్తాయి. మామూలు పత్తి లేకపోతే తట్టుకున్నవే తట్టుకున్నవాటితో జతకడతాయి. శనగపచ్చ పురుగుకు కంది, టమాటా లాంటి వేరే పంటలున్నాయి. గులాబీ పురుగుకు దాదాపు పత్తే దిక్కు.

ఇంకో గొడవ, మనం వేసేది హైబ్రిడ్. బిటి-2లోని రెండు బిటి జన్యువులూ ఒక తల్లి మొక్క వైపు నుంచే వస్తే, కాయలోని గింజల్లో సగటున 16లో ఒకదానికి ఏ విషమూ ఉండదు. గింజ తినే పురుగుకు బిటిని తట్టుకోవడం నేర్చుకోడానికి అంతకంటే మంచి బడి ఏముంటుంది?

2002 మార్చిలో అనుమతి ఇచ్చినప్పుడే చుట్టూ మామూలు పత్తి వేయాలన్న షరతు ఉంది. టీవీల్లో బిటి చేలో మేసి గొర్రెలు చచ్చాయా, పాలు విషమా అని గంటలు వాదించారు. ఆ షరతు ఎవరైనా పాటిస్తున్నారా అని అడిగినవాడు నాకు కనపడలేదు. 2006లో బిటి-2 వచ్చింది. 2010 నాటికి గుజరాత్‌లో మొదటి బిటిని గులాబీ పురుగు తట్టుకుందని ఆ విత్తనం తెచ్చిన మోన్‌శాంటో కంపెనీయే ఒప్పుకుంది. తర్వాత బిటి-2కీ అదే గతి. ఇప్పుడు నాన్ బిటి గింజలు అదే సంచిలో కలిపి ఇస్తున్నారు, మనం పారేస్తామని తెలిసిపోయింది మరి.

ఇప్పుడైనా పూత దశలో విచ్చుకోని గుడ్డి పూలు ఏరి నాశనం చేయండి. లింగాకర్షక బుట్టల్లో వరుసగా మూడు రాత్రులు బుట్టకు 8 రెక్కల పురుగులు పడినా, 20 కాయలు కోస్తే రెండింటిలో పురుగున్నా మందు కొట్టాల్సిందే. ధర బాగుందని వేసవి దాకా చేను ఉంచొద్దు, డిసెంబర్ చివరికల్లా మోళ్లు పీకేయండి.