149 రూపాయల హోస్టింగా, 329దా? షాపు సైటుకి లెక్క ఇలా వేయండి

ప్రశ్న: విజయవాడ వస్త్రలతలో మాకు చీరల షాపు ఉంది. వర్డ్‌ప్రెస్‌లో వూకామర్స్ పెట్టి 1,500 చీరలు అమ్మకానికి పెడదామని ఉంది, ఒక్కో చీరకి 4 ఫోటోలు. మెయిల్ ఐడీలు మూడు కావాలి. ఒక ప్లాన్ నెలకి 149, 100 జీబీ, డొమైన్, మెయిల్ ఫ్రీ. ఇంకోటి నెలకి 329, 20 జీబీ మాత్రమే, డొమైన్ వేరే కొనుక్కోవాలి. మొదటిదే మేలు కదండీ?

జవాబు:

కాదండీ, మీ అవసరానికి రెండోదే నయం. ఆ 100 జీబీని మీరు చివరిదాకా వాడుకునే పరిస్థితే రాకపోవచ్చు. ఒకే సర్వర్‌ని చాలామంది పంచుకునే షేర్డ్ హోస్టింగ్‌లో జీబీల కంటే ముందు అయిపోయేది ఫైళ్ల సంఖ్య. దీన్ని ఐనోడ్ లిమిట్ అంటారు. ప్రతి ఫైలూ, ప్రతి ఫోల్డరూ, సర్వర్‌లో ఉన్న ప్రతి మెయిలూ ఒక్కో ఐనోడ్. ప్లాన్ల పేజీలో పెద్దక్షరాల్లో ఉండేది జీబీ. ఐనోడ్ అంకె మాత్రం షరతుల పేజీలో, ఫెయిర్ యూసేజ్ అనే చోట దొరుకుతుంది.

మీ ఫోటోలతోనే లెక్క చూద్దాం. ఫోన్‌తో తీసిన ఫోటోని అలాగే ఎక్కిస్తే వర్డ్‌ప్రెస్ దాన్ని ఒక్క ఫైలుగా ఉంచదు. 2560 పిక్సెళ్లు దాటితే తగ్గించిన కాపీ ఒకటి, తర్వాత 2048, 1536, 1024, 768, 300, 150 సైజుల్లో, వాటిపైన వూకామర్స్ తన కోసం మూడు చేసుకుంటుంది. అసలు ఫోటోతో కలిపి పది, పదకొండు ఫైళ్లు. పదే అనుకున్నా 6,000 ఫోటోలకి 60,000. వర్డ్‌ప్రెస్, వూకామర్స్, థీమ్, ప్లగిన్‌లు కలిపి 30,000 వేసుకోండి. మూడు మెయిల్ ఐడీలకి రోజుకి 90 మెయిళ్లు వచ్చి, ఎవరూ డిలీట్ చేయకపోతే ఏడాదికి దాదాపు 33,000. పేజీలు త్వరగా తెరవడానికి సైటు దాచుకునే క్యాష్ ఫైళ్లు ఇంకో 10,000. మొదటి ఏడాదికే 1,33,000 అయింది.

లిమిట్ 2 లక్షలు అనుకుందాం. రెండో ఏడు కొత్త స్టాకు ఇంకో 1,500 చీరలు ఎక్కిస్తే ఫోటోలూ మెయిళ్లూ కలిపి మరో 93,000, మొత్తం 2,26,000. జీబీల్లో చూస్తే ఒక్కో ఫోటో కాపీలతో సహా 6 ఎంబీ చొప్పున రెండేళ్లకి 72 జీబీ దగ్గరే ఉంటుంది. అంటే స్థలం ఇంకా ఉండగానే సైటు ఆగుతుంది. అమ్ముడైన చీరల్ని తీసేస్తున్నాం కదా అంటారేమో. వూకామర్స్‌లో ప్రొడక్ట్ డిలీట్ చేస్తే దాని ఫోటోలు పోవు, మీడియా లైబ్రరీలో అలాగే ఉంటాయి. వాటిని విడిగా తీయాలి. చాలామంది ఇక్కడే పడతారు.

ఐనోడ్లు నిండితే మొదట ఫోటో ఎక్కదు, తర్వాత మెయిళ్లు పంపినవాళ్లకే తిరిగి వెళ్లిపోతాయి, ప్లగిన్ అప్‌డేట్ మధ్యలో తెగుతుంది. లాగ్‌లో Disk quota exceeded అని ఉంటుంది. జీబీ గీత చూస్తే ఇంకా ఖాళీ కనిపిస్తుంది, అందుకే కారణం తట్టదు. హోస్టింగ్ కంట్రోల్ ప్యానెల్‌గా సీప్యానెల్ ఉంటే మొదటి పేజీలో పక్కన File Usage అన్న అంకె చూడండి. టెర్మినల్ ఇస్తే ఏ ఫోల్డర్ ఎన్ని తింటుందో ఇలా తెలుస్తుంది:

```
du --inodes -d 2 ~ | sort -n | tail
```

మందు సులువే. ఎక్కించే ముందు ఫోటో పొడుగు వైపు 1500 పిక్సెళ్లకి తగ్గించండి. పెద్ద కాపీలు మూడూ పుట్టవు, ఫైళ్లు ఏడెనిమిదికి దిగుతాయి. కాపీలన్నీ కలిపి ఫోటోకి 1 ఎంబీ వేసుకున్నా 6,000 ఫోటోలకి 6 జీబీ. జరీ అంచు జూమ్ చేసి చూడటానికి 1500 చాలు. ఇలా చేస్తే 20 జీబీ స్థలం రెండేళ్లకి హాయిగా సరిపోతుంది. పాత ఫోటోలు తీస్తుంటే ఇంకా ఎక్కువే. ఒక్క జాగ్రత్త: బ్యాకప్ ప్లగిన్ చేసే జిప్ ఫైళ్లని అదే అకౌంట్‌లో ఉంచకండి, రెండు మూడు బ్యాకప్‌లకే ఆ 20 జీబీ నిండుతుంది.

ఇక డబ్బు. ఆ 149 అనేది సాధారణంగా 48 నెలలకి ఒకేసారి కడితేనే. రిన్యూవల్ ధర పక్కనే చిన్నక్షరాల్లో ఉంటుంది, 449 అనుకుందాం. ఫ్రీ డొమైన్, ఫ్రీ మెయిల్ సాధారణంగా మొదటి ఏడాదికే. తర్వాత డొమైన్ ఏడాదికి 1,200, మెయిల్ ఐడీకి నెలకి 50, రోజువారీ బ్యాకప్ మొదటినుంచీ నెలకి 90 అని వేసి చూడండి (మీ ప్లాన్ పేజీలో వేరే అంకెలు ఉంటే అవి పెట్టుకోండి). నాలుగేళ్ల హోస్టింగ్ 7,152, అయిదో ఏడు 5,388, డొమైన్ నాలుగేళ్లకి 4,800, మూడు ఐడీలకి నాలుగేళ్లు 7,200, బ్యాకప్ అయిదేళ్లు 5,400. మొత్తం 29,940. అరవై నెలలకి పంచితే నెలకి 499!

329 ప్లాన్‌లో మెయిల్, బ్యాకప్ కలిసే ఉండి, రిన్యూవల్ కూడా 329 అయితే అయిదేళ్లకి 19,740. డొమైన్ వేరే చోట ఏడాదికి 1,100 చొప్పున 5,500. నెలకి 421 పడుతుంది. తేడా 78 రూపాయలే కదా అనుకోకండి, అయిదో ఏడాది ఒక్కటే తీసి చూడండి: మొదటిది నెలకి 789, రెండోది అదే 421. అప్పటికి మీ సైటు, మెయిళ్లు అన్నీ అక్కడే ఉంటాయి కాబట్టి మారడం బద్ధకం, ఆ బద్ధకం మీదే 449 నిలబడుతుంది. రెండింటి మీదా 18 శాతం జీఎస్టీ అదనం. రెగ్యులర్ స్కీములో ఉంటే బిల్లు మీద మీ జీఎస్టీ నంబరు వేయించుకుని క్రెడిట్ తీసుకోవచ్చు, కాంపొజిషన్‌లో ఉంటే అది ఖర్చే.

ఆటో రిన్యూవల్ కూడా ఎంత కాలానికో చూడండి. మళ్లీ 48 నెలలకే అని ఉంటే 449 చొప్పున జీఎస్టీతో 25,431. ఆర్‌బీఐ నిబంధన ప్రకారం ఇలాంటి ఆటో డెబిట్‌లో 15,000 దాటితే ఓటీపీ ఇవ్వాలి. ఆ మెసేజ్ ఎవరూ చూడకపోతే డబ్బు కట్ కాదు, దసరా సీజన్‌లో సైటు ఆగిపోతుంది. కొనగానే ఆటో రిన్యూవల్‌ని ఏడాదికి మార్చి, గడువుకి నెల ముందు ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

డబ్బు కట్టే పేజీలో ముందే టిక్ పెట్టి ఉన్నవన్నీ తీసేయండి. సైటుని https చేసే ఎస్ఎస్ఎల్‌కి డబ్బు కట్టొద్దు, లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితంగా ఇస్తుంది, మీ హోస్ట్ దాన్ని తనే రిన్యూ చేస్తుందో లేదో అడిగితే చాలు. డొమైన్ మాత్రం విడిగా, మీ పేరు మీద, మీ మెయిల్‌తో కొనండి. సైటు కట్టిచ్చే కుర్రాడి అకౌంట్‌లో వద్దు.

329 వాళ్లని కూడా ఊరికే నమ్మొద్దు. కొనే ముందు చాట్‌లో అడగండి: ఐనోడ్ లిమిట్ ఎంత, ఏ సంఖ్య దాటితే మీ బ్యాకప్‌లోంచి మా అకౌంట్ తీసేస్తారు, ఎంట్రీ ప్రాసెస్‌లు ఎన్ని, రెండో ఏడు బిల్లు జీఎస్టీతో సహా ఎంత. రెండో ప్రశ్న వింతగా ఉంటుంది కానీ, ఐనోడ్లు ఎక్కువైన అకౌంట్లకి బ్యాకప్ తీసేది లేదని కొన్ని కంపెనీల షరతుల్లోనే ఉంటుంది. ఎంట్రీ ప్రాసెస్ అంటే ఒకే క్షణంలో సర్వర్ పని చేసిపెట్టే పేజీల సంఖ్య. వాట్సాప్ గ్రూపులో లింకు పెట్టగానే వంద మంది ఒక్కసారి నొక్కితే, 20 ఉన్న ప్లాన్ 508 ఎర్రర్ చూపించే అవకాశం ఉంది. జవాబుల స్క్రీన్‌షాట్ దాచండి. ఐనోడ్ అంకె చెప్పకుండా 'అన్‌లిమిటెడ్ సార్' అని తిప్పితే ఆ ప్లాన్ వదిలేయండి.