జీతమూ షేర్లూ ఒకే కంపెనీలో ఉంటే

అమెరికా వచ్చి మూడు నాలుగేళ్లయిన మనవాళ్లలో చాలామందికి ఆస్తంతా, జీతంతో పాటు కంపెనీ విడతలుగా ఇచ్చే ఆర్‌ఎస్‌యూల రూపంలో కంపెనీ షేర్లలోనే ఉంటుంది. అమ్మమంటే "ఏడాది ఆగితే ట్యాక్స్ తగ్గుతుంది కదన్నా" అంటారు. ఆ లెక్క సగమే నిజం.

200 డాలర్ల ధర దగ్గర 100 షేర్లు వెస్ట్ అయ్యాయనుకోండి, అంటే మీ చేతికొచ్చాయనుకోండి. ఆ 20,000 డాలర్లు ఆ రోజే మీ జీతంలో కలిసిపోతాయి. అమ్మినా అమ్మకపోయినా దాని మీద ట్యాక్స్ కట్టాల్సిందే. మీ కొన్న ధర కూడా ఆ 200 డాలర్లే. అదే రోజు 201కి అమ్మితే షేరుకు ఒక్క డాలరే లాభం. ఏడాది ఆగితే తక్కువ రేటు పడేది 200 పైన పెరిగిన దానికి మాత్రమే. అందుకే కొత్తగా వెస్ట్ అయినవి వెంటనే అమ్మేయమంటాను.

కాకపోతే కంపెనీ ఫెడరల్ ట్యాక్స్ కింద మామూలుగా పట్టుకునేది 22 శాతమే. మీరు 32 శాతం స్లాబులో ఉంటే ఈ 20,000 మీద ఇంకో 2,000 బాకీ. అది పక్కన పెట్టండి. తర్వాత బ్రోకర్ పంపే అమ్మకాల లెక్క 1099-Bలో కొన్న ధర చాలాసార్లు సున్నా అనో ఖాళీగానో ఉంటుంది. అలాగే ఫైల్ చేస్తే కట్టిన ట్యాక్సే మళ్లీ కడతారు. బ్రోకర్ ఇచ్చే సప్లిమెంట్ కాగితంలో అసలు ధర చూసి Form 8949లో సరిచేయాలి.

ఇక పాతవి. ఒక్కో వెస్టింగ్‌లో వచ్చిన షేర్లు ఒక్కో లాట్. నష్టంలో ఉన్న లాట్లు ముందు అమ్మండి. బ్రోకర్ సైట్ తనంతట తాను ఎక్కువగా పాతవే ముందు తీస్తుంది, లాట్ మీరే ఎంచుకోవాలి. ఆ నష్టం ముందు ఇతర లాభాలకు సర్దుబాటు అవుతుంది, మిగిలితే ఏడాదికి 3,000 డాలర్ల దాకా జీతంలోంచి తగ్గుతుంది. ఇక్కడే వాష్ సేల్ నిబంధన అడ్డొస్తుంది: అమ్మిన రోజుకు ముందూ వెనకా 30 రోజుల్లో అదే షేరు కొంటే ఆ నష్టం అప్పటికి లెక్కలోకి రాదు. ఆ రోజుల్లో షేర్లు వెస్ట్ అయినా కొన్నట్టే లెక్క. ఫిబ్రవరి 15న, మే 15న వెస్టింగ్ ఉంటే, మార్చి 18 నుంచి ఏప్రిల్ 14 దాకా మాత్రమే ఖాళీ. సరిగ్గా అప్పుడే చాలా కంపెనీల్లో బ్లాకౌట్, ఉద్యోగులు షేర్లు అమ్మకూడదు! అయినా టెన్షన్ వద్దు. 200 షేర్లు అమ్మితే, ముందూ వెనకా 30 రోజుల్లో 50 వెస్ట్ అయితే, 50 షేర్ల నష్టమే ఆగుతుంది. అదీ పోదు, కొత్త షేర్ల కొన్న ధరకు కలుస్తుంది.

2024 ఆగస్టు 1న ఇంటెల్ 15,000 ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించింది, మర్నాడు షేరు 26 శాతం పడింది. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే ఉండే గడువు 60 రోజులు, వెస్ట్ కాని షేర్లు సాధారణంగా రద్దు. కాబట్టి అమ్మిన డబ్బులో మొదటి భాగం ఆరు నెలల ఖర్చుకు బ్యాంకులో ఉండాలి. కోకాపేటలో ఫ్లాటు సంగతి ఆ తర్వాత.