ఇన్-ఇయర్ మానిటర్‌తో పాడాక చెవి గుయ్‌మంటోందా? వాల్యూమ్ పెంచే ముందు ఇవి చూడండి

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. మాది కావలి. ఆర్కెస్ట్రాలో పాడతాను. పెళ్లిళ్లకీ, తిరునాళ్లకీ నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల తిరుగుతుంటాం. ఈ మధ్య పాటా, వాయిద్యాలూ నేరుగా చెవిలోనే వినిపించే వైర్‌లెస్ ఇన్-ఇయర్ మానిటర్లు కొన్నాం. రెండు చెవులకీ పెట్టుకుంటే నా గొంతు నాకే కుండలోంచి వచ్చినట్టు ఉంటోంది. అందుకే కుడి చెవిది తీసేసి పాడుతున్నాను. మధ్యమధ్యలో సౌండ్ తెగిపోతోంది. వాల్యూమ్ పెంచకపోతే వినపడదు. ప్రోగ్రాం అయ్యాక రెండు చెవులూ తెల్లారేదాకా గుయ్‌మంటున్నాయి. మళ్లీ పాత స్టేజి మానిటర్ స్పీకర్‌కే వెళ్లిపోమంటారా?
- ఓ పాఠకురాలు

జవాబు: అక్కర్లేదమ్మా. సరిగ్గా పెట్టుకుంటే చెవికి స్టేజి మానిటర్ కంటే ఇదే మేలు. కానీ ఇప్పుడు వాడుతున్న పద్ధతిలో మాత్రం ఇంకో ప్రోగ్రాం చేయకండి. ఆ గుయ్‌మనే శబ్దం లోపలి చెవిలోని సన్నని కణాలు అలసిపోయాయని చెప్పే గుర్తు. తెల్లారేసరికి తగ్గుతోందంటే ఇప్పటికి కోలుకుంటున్నాయి. ఇదే పదేపదే జరిగితే కొన్ని కణాలు చచ్చిపోతాయి, అవి మళ్లీ పుట్టవు.

చెవికి లెక్క ఇలా ఉంటుంది. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటల దాకా తట్టుకోవచ్చని ఒక ప్రమాణం. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర 15 నిమిషాలే. మీ ప్రోగ్రాం మూడు గంటలనుకుంటే చెవిలో శబ్దం సగటున 89 దాటకూడదు.

డ్రమ్స్, ప్యాడ్స్ పక్కన మీరు నిలబడే చోట 100 డెసిబెల్స్ ఉందనుకుందాం. ఇది పెద్ద విశేషమేమీ కాదు, మామూలే. ఇయర్‌పీస్ చెవిని గట్టిగా మూస్తే అందులో 20 దాకా ఆగిపోయి లోపలికి 80 వస్తుంది. దాని మీద మీ మిక్స్, అంటే ఇయర్‌పీస్‌లో కలిపి పంపే మీ గొంతూ వాయిద్యాలూ, 88లో ఉన్నా స్పష్టంగా వినిపిస్తుంది. అదే వదులుగా ఉండి 8 మాత్రమే ఆగితే లోపలికి 92 వస్తుంది. అంతే స్పష్టత కావాలంటే మిక్స్‌ని 100కి తీసుకెళ్లాలి. మీరు తీసేసిన కుడి చెవికైతే ఆ 100 నేరుగా తగులుతోంది. పైగా రెండు చెవులతో విన్నప్పుడు అదే శబ్దం పెద్దగా అనిపిస్తుంది. ఒక్కదానితో వింటే ఆ లోటు పూడ్చడానికి ఎడమవైపు ఇంకా పెంచుతారు. అంటే రెండు చెవులూ దెబ్బతింటున్నాయి, ఒక్కోటీ ఒక్కో దారిలో.

కాబట్టి వాల్యూమ్ జోలికి వెళ్లకముందే చెవిని మూయడం సంగతి చూడాలి. ఫోమ్ టిప్‌ని వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా అర నిమిషం అలాగే పట్టుకోండి. మీ గొంతు మీకే మారుమోగేది చాలావరకు టిప్ పైపైన పెట్టడం వల్లే. పాడేటప్పుడు దవడలోంచి వచ్చే అదురు చెవి రంధ్రం బయటి మెత్తటి భాగాన్ని కదిలిస్తుంది. దారి మూసుకుని ఉంటే ఆ మోత బయటికి పోలేదు. టిప్ లోపలికి వెళ్లేకొద్దీ మోత తగ్గుతుంది. 'ఈ', 'ఊ' అని సాగదీసి చూడండి, తేడా అక్కడ బాగా తెలుస్తుంది. తర్వాత తారస్థాయిలో నోరు బాగా తెరిచి పాడండి. ఆ క్షణంలో బేస్ పలచబడితే టిప్ సైజు చిన్నదైందని అర్థం. ఎంత మార్చినా కుదరకపోతే ఆడియాలజిస్ట్ దగ్గర చెవి అచ్చు తీయించుకోవచ్చు. పాడేవాళ్లకి నోరు తెరిపించి తీయాలని గుర్తుచేయండి. నోరు మూసి తీసిన అచ్చు పై స్వరాల్లో వదులైపోతుంది.

ఒక్కోసారి ఒకవైపు సౌండ్ తగ్గడానికి గులిమి కారణం. మన వేసవి చెమటకి ఇయర్‌పీస్ కొసనున్న జాలీ తొందరగా మూసుకుపోతుంది. ప్రతి ప్రోగ్రాం తర్వాత పొడిగుడ్డతో తుడవండి. ఇంకొకరికి ఇవ్వకండి. చెవిలో మాత్రం పుల్లలూ, నూనెలూ వద్దు.

ఇక మిక్స్. మెయిన్ సౌండ్ మార్చినప్పుడల్లా మీ చెవిలోదీ మారుతుంటే మీ లైన్ పోస్ట్-ఫేడర్‌లో ఉందన్నమాట. మెయిన్ సౌండ్ మార్చినా మారని ప్రీ-ఫేడర్ ఆక్స్ లైన్ నుంచి ఇవ్వమని ఆపరేటర్‌ని అడగండి. అందులో అన్నిటికంటే పైన మీ గొంతు, శ్రుతికి కీబోర్డ్, లయకి తబలా గానీ హైహ్యాట్ గానీ చాలు. బేస్ గిటార్ స్టేజి మీద ఎలాగూ వినిపిస్తుంది. నా గొంతు పెంచండి అనే ముందు, దాన్ని కప్పేస్తున్నదేదో చూసి దాన్ని తగ్గించమనండి. ఈ ఒక్క అలవాటు చాలా చెవుల్ని కాపాడుతుంది. కొంచెం రివర్బ్ వేయించుకోండి. గొంతు మరీ పొడిగా వినిపిస్తే తెలియకుండానే గట్టిగా పాడేస్తాం. జనం చప్పట్లు వినపడటం లేదని కొందరు ఒక చెవి తీసేస్తుంటారు. దానికి స్టేజి అంచున జనంవైపు ఒక మైకు పెట్టి, కొద్దిగా మీ మిక్స్‌లో కలపమంటే సరిపోతుంది.

సౌండ్ తెగడం గురించి చెవి డాక్టర్ మాట్లాడటమేంటి అనుకోకండి. తెగినప్పుడు మీ చెయ్యి నాబ్ మీదకి వెళ్తుంది. సిగ్నల్ తిరిగొచ్చేసరికి పెంచిన సౌండ్ మొత్తం ఒక్కసారిగా చెవిలో పడుతుంది. ట్రాన్స్‌మిటర్‌ని ఆంప్లిఫయర్ల వెనకో, ఎల్ఈడీ వాల్ పక్కనో, నేల మీదో పెట్టొద్దు. ఇనుమూ, మనుషుల ఒళ్లూ ఆ తరంగాల్ని ఆపేస్తాయి. స్టేజి పక్కన స్టాండ్ మీద తల ఎత్తులో, మీరు నిలబడే చోటికి నేరుగా కనిపించేలా, యాంటెనా నిలువుగా ఉండాలి. వైర్‌లెస్ మైకుల రిసీవర్లకి కనీసం రెండు మూడు మీటర్ల ఎడం ఉండాలి, లేకపోతే ఇది వాటిని చెడగొడుతుంది. మీ నడుముకున్న రిసీవర్ ప్యాక్‌ని చీర కుచ్చిళ్లలోకి దోపేస్తే యాంటెనా చెమట పట్టిన ఒంటికి అంటుకుని సిగ్నల్ పోతుంది. వెనకవైపు చిన్న పౌచ్‌లో పెట్టి యాంటెనా బయటికి వదలండి, మడవకండి.

జనం రాకముందే ట్రాన్స్‌మిటర్ ఆపి, ప్యాక్ ఒక్కటే ఆన్ చేసి చూడండి. సిగ్నల్ అందుతోందని చూపే ఆర్ఎఫ్ సూచిక అప్పటికే వెలుగుతోందంటే ఆ ఛానల్‌లో ఇంకెవరో ఉన్నారు, మార్చండి. తర్వాత ఎల్ఈడీ వాల్, మైకులన్నీ ఆన్ చేయించి స్టేజి నాలుగు మూలలా పాడుతూ తిరగండి, వెనక్కి తిరిగి కూడా. 2.4 గిగాహెర్ట్జ్ చవక సెట్టయితే ఖాళీ మండపంలో బాగానే ఉంటుంది. వందల ఫోన్ల వైఫై, బ్లూటూత్ చేరాక అసలు రంగు బయటపడుతుంది. అలాంటప్పుడు వాల్యూమ్ పెంచడం కంటే సెట్టు మార్చుకోవడమే దారి.

ఇవన్నీ అయ్యాకే వాల్యూమ్. నాబ్ సున్నాలో ఉంచి, రెండు చెవులకీ పెట్టుకుని, బ్యాండ్ అసలు పాటని పూర్తి జోరుతో వాయిస్తుండగా మెల్లగా పెంచండి. మీ మాటలు స్పష్టంగా వినపడిన చోట ఆపి, అక్కడ మార్కర్‌తో గీత పెట్టండి. రాత్రి గడిచేకొద్దీ చెవి మొద్దుబారి ఇంకా కావాలనిపిస్తుంది. ఆ గీత దాటొద్దు. లిమిటర్ ఉంటే ఆన్‌లోనే ఉంచండి. అయితే అది హఠాత్తుగా వచ్చే కీచుల్నీ, మైకు కిందపడ్డ శబ్దాన్నీ ఆపుతుంది గానీ, గంటల తరబడి సాగే హోరు నుంచి కాపాడదు.

ఫలితం తెలియడానికి ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటుంది. ప్రోగ్రాంకి బయల్దేరే ముందు టీవీలో వార్తల మాటలు అర్థమయ్యే కనీస వాల్యూమ్ అంకె రాసిపెట్టుకోండి. తిరిగొచ్చాక, ఇల్లు అంతే నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, అదే చోట కూర్చుని చూడండి. అంకె పెంచాల్సి వస్తే ఆ రాత్రి మీ చెవికి మోతాదు ఎక్కువైనట్టే. తర్వాతి ప్రోగ్రాంకి ఆ గీతని వెనక్కి జరపండి.

ఈలోగా ఒకసారి వినికిడిని కొలిచే ఆడియోగ్రామ్ పరీక్ష చేయించుకోండి. ముందురోజు ప్రోగ్రాం లేకుండా చూసుకుని వెళ్లాలి, లేకపోతే అలసిన చెవినే కొలుస్తారు. మొదటి దెబ్బ సాధారణంగా 4,000 హెర్ట్జ్ దగ్గర కనపడుతుంది, మాటలు వినడంలో మీకు తేడా తెలియకముందే. గుయ్‌మనడం రెండు రోజులైనా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌ని కలవండి. ఒక చెవి ఉన్నట్టుండి వినపడటం మానేస్తే మాత్రం వచ్చే వారం చూద్దామనుకోకుండా అదే రోజు వెళ్లాలి. దానికిచ్చే స్టెరాయిడ్ మందులు మొదటి రోజుల్లోనే బాగా పనిచేస్తాయి.