గట్ టెస్టులో ఫర్మిక్యూట్స్ ఎక్కువ వస్తే

"రిపోర్టులో ఫర్మిక్యూట్స్ ఎక్కువ, బ్యాక్టీరాయిడెట్స్ తక్కువ అని వచ్చింది. బరువు తగ్గకపోవడానికి అదే కారణమట, ప్రోబయోటిక్ కోర్సు కొనమంటున్నారు. కొనాలా?"

బరువు కోసమైతే కొనకండి. ఫర్మిక్యూట్స్, బ్యాక్టీరాయిడెట్స్ అనేవి మన పేగులో ఉండే రెండు పెద్ద బ్యాక్టీరియా వర్గాలు. వాటి నిష్పత్తిని చూసి టెన్షన్ పడాల్సిన పని కూడా లేదు.

పేగు బ్యాక్టీరియా వల్ల బరువు పెరుగుతుందన్న మాట పుట్టింది ఎలుకల మీద జరిగిన నిజమైన పరిశోధనల నుంచే. 2013లో ఒకరు లావు, ఒకరు సన్నగా ఉన్న కవల జంటల పేగు బ్యాక్టీరియాను, పుట్టినప్పటి నుంచీ ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచిన ఎలుకల్లోకి ఎక్కించారు. మేత ఒకటే అయినా, లావుగా ఉన్నవారి బ్యాక్టీరియా అందుకున్న ఎలుకలకే కొవ్వు ఎక్కువ పట్టింది. ఇది గట్టి ఫలితమే. కానీ ఆ ఎలుకల పేగు ఖాళీ నేల లాంటిది, ఏది వేసినా నాటుకుంటుంది. మన పేగులో అప్పటికే స్థిరపడిన బ్యాక్టీరియా ఉంటుంది.

మనుషుల్లో ఏమైందో చూడండి. 2016లో పది అధ్యయనాల డేటాను కలిపి చూస్తే, మీ రిపోర్టులోని నిష్పత్తికీ ఊబకాయానికీ నమ్మదగిన సంబంధం కనిపించలేదు. 2020లో ఊబకాయం ఉన్నవారికి, సన్నగా ఉన్న దాత మలం నుంచి తయారుచేసిన క్యాప్సూల్స్ ఇచ్చారు. వారి పేగు బ్యాక్టీరియా దాత వైపు కొంత మారింది, బరువు మాత్రం తగ్గలేదు. నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఇదే.

పైగా ఆహారం మారితే కొద్ది రోజుల్లోనే ఈ బ్యాక్టీరియా కూడా మారుతుంది. కాబట్టి రిపోర్టులో కనిపించేది కారణమో, మీ తిండి ఫలితమో ఒక్క శాంపిల్‌తో తేలదు. బరువు కారణం తెలీకుండా పెరుగుతుంటే థైరాయిడ్, వాడే మందుల గురించి డాక్టర్‌ని అడగండి.