నాన్నగారి గూగుల్ ఖాతాలో ఫొటోలు

"నాన్నగారు పోయారు. ఫోన్ లాక్ తెలీదు, ఫొటోలన్నీ ఆయన జీమెయిల్‌లోనే ఉన్నాయి. ఎలా తీయాలి? ఖాతా మూసేయాలా? – బొబ్బిలి నుంచి"

ముందే మూయించకండి తమ్ముడూ, మూస్తే ఫొటోలూ పోతాయి. పాస్‌వర్డ్ ఊహించి కొట్టడం కూడా ఆపేయండి.

గూగుల్ సహాయ పేజీల్లో చనిపోయినవారి ఖాతా కోసం ఒక ఫారం ఉంది. ఖాతా మూయడం, అందులోని డేటా కోరడం వేర్వేరు ఎంపికలు. మీరు డేటాది ఎంచుకోండి. మీ గుర్తింపు కార్డు, మున్సిపాలిటీ ఇచ్చిన మరణ ధ్రువపత్రం స్కాన్ చేసి పెట్టాలి. పత్రం తెలుగులోనే ఉంటే నోటరీ చేసిన ఇంగ్లిష్ అనువాదం జత చేయాలి. చాలామందికి ఇక్కడే ఆగిపోతుంది. పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ ఇవ్వరు. పరిశీలించాక డేటా కూడా కాదనొచ్చు. ఈలోగా సిమ్ రీచార్జ్ ఆపకండి, బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి కదా.

రేపు అమ్మగారి ఖాతాకూ ఇదే ఇబ్బంది రాకుండా, ఆవిడ ఫోన్‌లో ఈరోజే myaccount.google.com/inactive తెరవండి. ఖాతా ఎన్నాళ్లు వాడకపోతే కబురు వెళ్లాలో 3 నుంచి 18 నెలల్లోపు ఎంచుకుని, మీ మెయిల్, ఫోన్ నంబర్ ఇచ్చి, ఫొటోలకు టిక్ పెట్టించండి. గడువుకు ముందు ఆవిడకే హెచ్చరిక వస్తుంది. గడువు దాటాకే మీకు మెయిల్ వస్తుంది, అప్పట్నుంచి మూడు నెలల్లో దించుకోవాలి. మీ నంబర్ మారితే అక్కడా మార్చండి.